బిల్లులో 200 డాలర్లు, కస్టమ్స్ లెక్కలో 340

హైదరాబాద్ బాలానగర్‌లో ఎలక్ట్రానిక్ పరికరాలు మరమ్మతు చేసి అమ్ముకునే చిన్న వ్యాపారి ఒకరున్నారని అనుకుందాం. అమెరికాలోని ఒక పంపిణీదారు దగ్గర, విద్యుత్ సంకేతాలను తెర మీద గీతలుగా చూపే ఆసిలోస్కోపులు, పాత నమూనావి, మిగిలిపోయాయి. కొత్త నమూనా వచ్చేసింది కాబట్టి, 340 డాలర్ల పరికరాన్ని 200కే వదిలించుకుంటున్నాడు. మన వ్యాపారి పది తెప్పించుకున్నారు. పార్సిల్ శంషాబాద్ చేరిన రెండో రోజున కొరియర్ సంస్థ నుంచి కబురు వచ్చింది: ‘ప్రకటించిన విలువ తక్కువగా ఉందని కస్టమ్స్ అంటోంది. సవరించిన విలువకు అంగీకరిస్తూ సంతకం చేసి పంపండి, సరుకు విడుదలవుతుంది.’

ఈ కబురులో అసలు ప్రమాదం ఎక్కువ సుంకంలో లేదు, ‘అంగీకరిస్తూ’ అనే మాటలో ఉంది. అదెందుకో చెప్పే ముందు, తగువు ఎంత సొమ్ము మీదో తేల్చుకోవాలి. చాలామంది ఆ లెక్క వేయకుండానే కోపం తెచ్చుకుంటారు, లేదా లెక్క వేయకుండానే లొంగిపోతారు.

సుంకం వేసేది బిల్లులోని ధర ఒక్కదాని మీదే కాదు. దానికి రవాణా, బీమా కలుపుతారు. పది పరికరాల ధర 2,000 డాలర్లు. కొరియర్ ఛార్జీ 460 డాలర్లు అయినా, విమానంలో వచ్చే సరుకుకు రవాణా ఖర్చును సరుకు ధరలో 20 శాతానికి మించి లెక్కలోకి తీసుకోకూడదని విలువ నిబంధనలే చెబుతున్నాయి. అందువల్ల ఇక్కడ కలిపేది 400 మాత్రమే. బీమా ఖర్చు ఎంతో తెలియకపోతే 1.125 శాతం, అంటే 22.50 డాలర్లు. మొత్తం 2,422.50. కస్టమ్స్ ప్రకటించిన మారకపు రేటు 85 రూపాయలు అనుకుంటే విలువ 2,05,912 రూపాయలు. ఈ పరికరానికి మూల సుంకం 7.5 శాతం, ఆ సుంకం మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, వీటన్నిటినీ కలిపిన మొత్తం మీద, దిగుమతులకు వేసే జీఎస్టీ అయిన ఐజీఎస్టీ 18 శాతం అని లెక్కకు తీసుకుందాం. మూడూ కలిసి విలువలో 27.735 శాతం. కట్టవలసింది సుమారు 57,110 రూపాయలు.

అధికారి ఒక్కోటి 340 డాలర్లంటున్నారు. ధర 3,400 అయింది. ఇప్పుడు 20 శాతం పరిమితి 680కి పెరిగింది కాబట్టి కొరియర్ ఛార్జీ 460 మొత్తం లెక్కలోకి వచ్చేస్తుంది. సరుకు విలువ పెంచితే రవాణా కూడా పెరగడం చూసి ఇదేదో దొంగ లెక్క అనుకుంటారు గాని, నిబంధన ప్రకారం సరైనదే. బీమాతో కలిపి విలువ 3,31,351 రూపాయలు, సుంకం 91,900. తేడా 34,790.

అయితే ఈ 34,790లో 24,442 రూపాయలు ఐజీఎస్టీ. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారి, ఈ పరికరాలను వ్యాపారం కోసమే తెప్పించుకుంటే, ఆ మొత్తాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే అమ్మకాల మీద తాను కట్టవలసిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడానికి, వాడుకోవచ్చు. చేతి నుంచి నిజంగా పోయేది మూల సుంకం, సర్‌ఛార్జిల తేడా: 10,349 రూపాయలు. అదే పరికరాన్ని సొంత వాడకానికి తెప్పించుకున్న విద్యార్థికైతే క్రెడిట్ ఉండదు, పోయినదంతా పోయినట్టే. పది వేల కోసం అప్పీలు దాకా వెళ్లాలా అన్నది న్యాయమైన ప్రశ్నే. కాని వ్యాపారి వచ్చే నెల ఇంకో యాభై పరికరాలు తెప్పించాలనుకుంటే ప్రశ్న మారిపోతుంది. ఈ రోజు 340కి మదింపు చేసిన రికార్డు కస్టమ్స్ దగ్గర ఉంటుంది. రేపు వచ్చే సరుకు విలువను అనుమానించడానికి మొట్టమొదట చూపేది ఆ రికార్డునే. తన సంతకమే తనకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

ఇక చట్టం దగ్గరకు వద్దాం. 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 14వ సెక్షన్ విలువ గురించి చెబుతుంది. దాని కింద 2007 అక్టోబరు 10 నుంచి అమల్లో ఉన్న విలువ నిర్ధారణ నిబంధనలు పదమూడు. వీటిని చదివేటప్పుడు ఒక్క తేడా పట్టుకుంటే చాలు: అనుమానించడం వేరు, విలువ కట్టడం వేరు. ఈ రెండింటినీ ఒక్కటిగా కలిపేయడం వల్లనే చాలా అదనపు సుంకం డిమాండ్లు పుడుతున్నాయి.

మూల సూత్రం సులువైనది. కొనుగోలుదారు నిజంగా చెల్లించిన, లేదా చెల్లించవలసిన ధరే విలువ. వస్తువు ‘అసలు ఎంత చేస్తుంది’ అన్నది ప్రశ్న కాదు. పంపిణీదారు తెలివి తక్కువగా అమ్ముకున్నా, మనం బేరమాడి గెలిచినా, కట్టిన ధర కట్టిన ధరే. అమ్మిన వాడికీ కొన్న వాడికీ బంధుత్వం లాంటి సంబంధం ఉంటే అది ధరను ప్రభావితం చేసి ఉండకూడదు, ధర వెనక దాచిన షరతులు ఉండకూడదు. అంతే.

ఆ ధరను పక్కన పెట్టాలంటే 12వ నిబంధన తలుపు తట్టాలి. ప్రకటించిన విలువ నిజమేనా అని అనుమానించడానికి కారణం ఉంటే అధికారి మరిన్ని పత్రాలు అడగవచ్చు. పత్రాలు వచ్చాక కూడా, లేదా జవాబే రాకపోతే, సహేతుకమైన అనుమానం మిగిలి ఉంటే ప్రకటించిన ధరను తిరస్కరించవచ్చు. ఏయే కారణాలతో అనుమానించవచ్చో ఆ నిబంధనే కొన్ని చెబుతుంది: అలాంటి సరుకే దాదాపు అదే సమయంలో, పోల్చదగిన పరిమాణంలో, చెప్పుకోదగినంత ఎక్కువ విలువకు మదింపు అయి ఉండటం, మామూలు పోటీ ధరతో పోలిస్తే అసాధారణమైన తగ్గింపు, సరుకు వివరణ, నాణ్యత, తయారైన సంవత్సరం వంటివి తప్పుగా చూపడం, బ్రాండు, నమూనా వంటి ధరను మార్చే వివరాలు అసలు రాయకపోవడం, పత్రాలు మార్చడం.

మన వ్యాపారి కేసులో తగ్గింపు 41 శాతం. అధికారి కనుబొమ్మ ఎగరడంలో తప్పేమీ లేదు. ఆయన ఒక అమెరికన్ ఆన్‌లైన్ దుకాణం పేజీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టారు, అందులో ధర 340. అనుమానానికి ఇది చాలు. ప్రశ్న అడగడానికీ చాలు. కాని విలువ కట్టడానికి చాలదు, ఎందుకంటే 12వ నిబంధన తనంతట తాను విలువ కట్టే పద్ధతి కాదని దాని వివరణలోనే రాసి ఉంది. ధరను తిరస్కరించాక 4వ నిబంధన నుంచి 9వ దాకా వరసగా వెళ్లాలి. మొదట, అచ్చంగా అదే సరుకు భారతదేశానికి వచ్చినప్పుడు అంగీకరించిన ధర ఉందా? అదీ అమ్మకపు స్థాయి, పరిమాణం పోల్చదగినవిగా ఉండాలి. అలాంటి ధరలు ఒకటి కంటే ఎక్కువ దొరికితే, వాటిలో తక్కువది తీసుకోవాలి. అధికారులు ఎక్కువది తీసుకుంటారన్న నమ్మకం మనలో పాతుకుపోయింది గాని, నిబంధన రాసిన వాళ్లు తక్కువదే అన్నారు. అది దొరకకపోతే దాన్ని పోలిన సరుకు ధర. అదీ లేకపోతే ఇక్కడి అమ్మకపు ధర నుంచి లాభం, పన్నులు తీసివేసి వెనక్కి లెక్కకట్టడం, ఆ తరువాత తయారీ ఖర్చు నుంచి ముందుకు లెక్కకట్టడం. చివరికి 9వది, ఏ దారీ లేనప్పుడు వాడే మిగులు పద్ధతి.

ఆ చివరి పద్ధతిలో కూడా చేయకూడని పనుల పట్టిక ఒకటుంది. నా దృష్టిలో దిగుమతిదారుకు మొత్తం నిబంధనల్లో ఇంతకంటే ఉపయోగపడే భాగం లేదు. రెండు విలువల్లో ఎక్కువదాన్ని తీసుకోకూడదు. ఇష్టం వచ్చిన, ఊహించిన విలువ పెట్టకూడదు. భారతదేశం కాక వేరే దేశానికి ఎగుమతి చేసిన ధర తీసుకోకూడదు. ఎగుమతి చేసిన దేశంలోని దేశీయ మార్కెట్ ధరను ఆధారం చేసుకోకూడదు. ఆఖరిది మళ్లీ చదవండి. అమెరికా నుంచి వచ్చిన సరుకుకు, అమెరికాలోని కొనుగోలుదారులకు అమ్మే దుకాణం పేజీలోని ధర అచ్చంగా అదే. ముందున్న పద్ధతుల్లోనూ దానికి చోటు లేదు; అవి భారతదేశానికి జరిగిన దిగుమతుల గురించో, ఇక్కడి అమ్మకం గురించో, తయారీ ఖర్చు గురించో మాట్లాడతాయి. కాబట్టి ఆ ప్రింటు కాగితం అధికారిని తలుపు దాకా తీసుకువెళుతుంది, లోపలికి తీసుకువెళ్లదు.

సుప్రీంకోర్టు ఈ దారిలోనే నడిచింది. ఐషర్ ట్రాక్టర్స్ కేసులో, 2000లో, జపాన్ నుంచి పాత నిల్వ బేరింగులు ధరల పట్టికతో పోలిస్తే 77 శాతం తగ్గింపుతో వచ్చాయి. ధరల పట్టిక ఉన్నంత మాత్రాన కట్టిన ధరను తోసిపుచ్చలేమని కోర్టు అన్నది. 2019లో సెంచురీ మెటల్ రీసైక్లింగ్ కేసులో, అల్యూమినియం తుక్కు విలువను పెంచిన సందర్భంలో, ‘సహేతుకమైన అనుమానం’ అంటే కారణాలు చూపగల అనుమానమని, ఆ కారణాలు రికార్డులో ఉండాలని తేల్చింది. ఈ తీర్పులు మన వ్యాపారికి అండగా ఉంటాయి. అయితే తన వైపు కాగితాలు సరిగ్గా ఉన్నప్పుడే.

ఆ కాగితాలు ఏవి? బిల్లు ఒక్కటే పెట్టి ‘ఇదే నేను కట్టిన ధర’ అంటే సరిపోదు, ఎందుకంటే అనుమానం ఆ బిల్లు మీదే. బ్యాంకు ద్వారా 2,000 డాలర్లు వెళ్లిన సందేశం, లేదా కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ చెల్లింపు వరుస మొదటి బలం. దానికి ముందు నడిచిన ఈమెయిళ్లు రెండో బలం. ‘పాత నిల్వ, పది తీసుకుంటే 200కి ఇస్తాను’ అని అమ్మకందారు రాసిన మాట తారీఖుతో సహా ఉంటే తగ్గింపు వెనక కథ కనిపిస్తుంది. కొత్త నమూనా ఎప్పుడు వచ్చిందో తయారీదారు ప్రకటన, అదే అమ్మకందారు ఇతరులకూ అదే ధరకు అమ్మిన బిల్లులు సంపాదించగలిగితే ఇంకా మంచిది. కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి ప్రకటననే బిల్ ఆఫ్ ఎంట్రీ అంటారు. మన వ్యాపారి మొదటి బిల్ ఆఫ్ ఎంట్రీలో సరుకు వివరణ ‘టెస్టింగ్ పరికరాలు’ అని మాత్రమే ఉందనుకోండి. అది తన పొరపాటే. నమూనా సంఖ్య, పాత నిల్వ అన్న మాట రాయకపోవడం కూడా 12వ నిబంధనలో అనుమానానికి కారణమే. చాలాసార్లు ఈ వివరణ రాసేది కొరియర్ సంస్థ, కొనుగోలుదారు దాన్ని చూడను కూడా చూడరు.

ఇక జవాబు ఎలా రాయాలి? పొడుగ్గా వద్దు. ఈ మాత్రం చాలు: ‘ప్రకటించిన ధర నేను వాస్తవంగా చెల్లించినది, చెల్లింపు రుజువు జత చేశాను. సవరించిన విలువకు నేను అంగీకరించడం లేదు. 12వ నిబంధన ప్రకారం అనుమానానికి ఆధారాలు రాతపూర్వకంగా తెలపండి, నా వాదన వినండి. పునర్మదింపు చేస్తే 17వ సెక్షన్ ఐదో ఉపసెక్షన్ ప్రకారం కారణాలతో కూడిన ఉత్తర్వు ఇవ్వండి.’ రాతపూర్వకంగా ఆధారాలు చెప్పడం, వినే అవకాశం ఇవ్వడం దిగుమతిదారు అడిగితే తప్పనిసరి. అడగకపోతే ఎవరూ గుర్తు చేయరు.

ఆ ఐదో ఉపసెక్షన్‌లోనే ‘అంగీకారం’ అనే గొయ్యి ఉంది. మనం ప్రకటించిన దానికి భిన్నంగా పునర్మదింపు చేస్తే, పదిహేను రోజుల్లో అధికారి కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి. దిగుమతిదారు రాతపూర్వకంగా అంగీకరించిన సందర్భంలో మాత్రం అక్కరలేదు. కొరియర్ సంస్థ పంపిన ఆ ఒక్క వాక్యం మీద సంతకం పడగానే కారణాలు రాసే బాధ్యత పోయింది. అప్పీలులో దేన్ని తప్పు పట్టాలి? కారణాలే లేవు. అంగీకరించినా అప్పీలు చేయవచ్చా అన్న వాదన విడిగా నడుస్తుంది, కాని సంతకం పెట్టకపోతే ఆ వాదనే అవసరం లేదు.

ఇంకా మెల్లగా దెబ్బ తీసేది ఒకటుంది. కొన్ని సార్లు కొరియర్ సంస్థ అడగను కూడా అడగదు. సవరించిన సుంకం తానే కట్టేసి, సరుకు ఇంటికి తెచ్చి, వారం తరువాత సుంకానికి తన సేవా రుసుము కలిపి బిల్లు పంపుతుంది. అప్పుడు గొడవ కొరియర్ వాళ్లతో పెట్టుకుంటాం. అది తప్పు తలుపు. సుంకం నిర్ణయించింది కస్టమ్స్, కొరియర్ సంస్థ మన తరఫు ప్రతినిధి మాత్రమే. ఆ రోజే చేయవలసింది బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు, కస్టమ్స్ అడిగిన ప్రశ్న నకలు, మన పేరుతో వాళ్లు ఇచ్చిన జవాబు నకలు అడగడం. ఎవరైనా అంగీకారం రాసి ఇచ్చారా లేదా అన్నది అందులోనే తేలుతుంది.

సరుకు వెంటనే కావాలి, తగువు కూడా వదులుకోకూడదు. అప్పుడేం చేయాలి? రెండు దారులున్నాయి. ఒకటి 18వ సెక్షన్ కింద తాత్కాలిక మదింపు: బాండు, కొంత హామీ ఇచ్చి సరుకు తీసుకోవడం, తుది విలువ తరువాత తేలడం. చిన్న పార్సిల్‌కు ఈ తంతు భారమే. రెండోది ‘నిరసనతో కడుతున్నాను’ అని రాసి మొత్తం సుంకం కట్టి సరుకు తెచ్చుకోవడం. గోదాము అద్దె రోజురోజుకూ పెరుగుతుంటే మామూలుగా ఇదే మేలు. ఇక్కడ మరో భ్రమ ఉంది: నిరసనతో కట్టాను కాబట్టి తరువాత తీరిగ్గా వాపసు దరఖాస్తు పెట్టుకోవచ్చని. నిరసన వల్ల వాపసు దరఖాస్తుకున్న ఏడాది గడువు అడ్డు రాదు, నిజమే. కాని ఐటీసీ కంపెనీ కేసులో 2019 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, మదింపు ఉత్తర్వు అప్పీలులో మారనంత వరకు వాపసు కోరలేము, సొంత మదింపు అయినా సరే. ముందు మదింపును పడగొట్టాలి, డబ్బు దాని వెనకే వస్తుంది.

తారీఖులు ఇలా నడుస్తాయి. మార్చి 3న పునర్మదింపు జరిగితే, మార్చి 18 లోగా కారణాలతో ఉత్తర్వు రావాలి. అది మన చేతికి మార్చి 20న వచ్చిందనుకోండి. కమిషనర్ (అప్పీళ్లు) దగ్గర అప్పీలుకు అరవై రోజులు, అంటే మే 19. సరైన కారణం చూపితే మరో ముప్పై రోజులు, జూన్ 18 దాకా. ఆ తరువాత ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కే లేదు, ఎంత బలమైన కేసైనా. వివాదంలో ఉన్న సుంకంలో 7.5 శాతం ముందుగా జమ చేయాలి. మన వ్యాపారి మొత్తం ముందే కట్టేశారు కాబట్టి ఆ షరతు తీరినట్టే. అక్కడ ఓడితే కస్టమ్స్ అప్పీళ్ల ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి మూడు నెలల గడువు, దానికి హైదరాబాద్‌లోనే ఒక ధర్మాసనం ఉంది.

ఇదంతా నిజంగా 200కి కొన్న వాళ్ల మాట. బిల్లులో 200 రాయించుకుని మిగతా 140 వేరే దారిలో పంపిన వాళ్లకు ఇందులో ఏదీ పనికిరాదు. అమెరికాలోని బంధువు చేత ‘గిఫ్ట్, 20 డాలర్లు’ అని రాయించడం కూడా ఇందులోకే వస్తుంది. కార్డు స్టేట్‌మెంట్ అడిగిన మరుక్షణం ఆ కథ కూలిపోతుంది. అప్పుడు తేడా సుంకంతో ఆగదు. 111వ సెక్షన్ కింద సరుకు జప్తు, విడిపించుకోవడానికి జరిమానా, 112 కింద దిగుమతిదారు మీద అపరాధ రుసుము వస్తాయి. సరుకు విడుదలైపోయిందని కూడా నిశ్చింతగా ఉండలేం. మామూలు పొరపాటైతే రెండేళ్లు, తెలిసి తప్పు చెప్పడమైతే అయిదేళ్ల దాకా 28వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వవచ్చు.

మళ్లీ బాలానగర్‌కు. మన వ్యాపారి కట్టిన ధరకు బ్యాంకు రుజువుంది, ఈమెయిలుంది, అధికారి దగ్గర ఉన్నది ఒక దుకాణం పేజీ మాత్రమే. కారణాల ఉత్తర్వులో అలాంటి సరుకు దిగుమతులేవీ చూపకపోతే అప్పీలు గెలిచే కేసే. గెలిచాక మూల సుంకం, సర్‌ఛార్జిల తేడా 10,349 రూపాయలు వాపసుకు వస్తుంది, కాని ఆ భారాన్ని ఆయన కొనుగోలుదారు మీద వేయలేదని లెక్కల పుస్తకాలతో చూపాలి, లేకపోతే ఆ డబ్బు ఆయనకు కాక వినియోగదారుల సంక్షేమ నిధికి వెళుతుంది. ఐజీఎస్టీ తేడాకు ఇప్పటికే క్రెడిట్ వాడుకుని ఉంటే దాన్ని మళ్లీ వాపసు అడగలేరు. అప్పీలు కాగితాలు దాఖలు చేసే రోజున ఆయన చేయవలసిన మరో పని ఉంది: దారిలో ఉన్న యాభై పరికరాల బిల్ ఆఫ్ ఎంట్రీలో నమూనా సంఖ్య, ‘పాత నిల్వ’ అన్న మాట, అమ్మకందారు ఇచ్చిన ధర ఉత్తరం సరుకు దిగకముందే కొరియర్ సంస్థ చేతిలో పెట్టడం.